కాకి కాదు, కాలూ చెయ్యీ

తరగతి గదుల్లో నల్లబల్లల పక్కన పెద్ద తెరల టీవీలు బిగించిన ఏడాది, జూన్ నెలలో, నేను కార్వేటినగరం వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా బదిలీ మీద వెళ్ళాను. నా సర్వీసులో అదే ఆఖరి స్థానం. అంతకు ముందు చాలా ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. ప్రమోషన్ వచ్చి గెజిటెడ్ అధికారి అయ్యాక సుద్దముక్క పట్టుకునే సమయం తగ్గిపోతుంది, పెన్ను పట్టుకునే సమయం పెరుగుతుంది. మధ్యాహ్న భోజనం బియ్యం మొదలుకొని మరుగుదొడ్ల ఫోటోల దాకా అన్నింటికీ జవాబు చెప్పుకోవలసింది హెచ్చెమ్మే. తిరుపతి నుంచి రోజూ పుత్తూరు మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని. బస్సు దిగేసరికి నాకు సగం కోపం, ప్రార్థన గంట కొట్టేసరికి పూర్తి కోపం ఉంటుందని స్టాఫ్‌రూములో అనుకునేవాళ్ళట. అబద్ధమేమీ కాదు.

ఆగస్టులో జెండా పండుగ అయిన వారం ఖాదర్ బాషా నా గదికి వచ్చాడు. అతనికి బస్టాండు ముందర తాళాలు బాగుచేసే బంకు ఉంది. మా స్టోర్‌రూం తాళంచెవి పోయినప్పుడు వచ్చి తీసిచ్చిన మనిషి కాబట్టి ముఖం తెలుసు. అతని కూతురు రేష్మ మా బడిలో ఎనిమిదో తరగతి. కూర్చోమన్నా కూర్చోలేదు. నోటుపుస్తకంలోంచి చించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. ఇనుప రజను పట్టిన చేతులేమో, కాగితం మీద నల్లటి వేలిముద్రలు పడి ఉన్నాయి.

అర్జీ ఇలా ఉంది:

"గౌరవనీయులైన హెచ్చెమ్ మేడమ్ గారికి నమస్కరించి రాయునది. నా కూతురు రేష్మకు ఫిట్సు వస్తాయి. తిరుపతి పెద్దాసుపత్రిలో మందులు వాడుతున్నాము. పోయిన నెల బడి గ్రౌండులో పడిపోయింది. అప్పటి నుండి పిల్లలు పక్కన కూర్చోవడం లేదు. దాని అన్నం పళ్ళెం కూడా తాకడం లేదు. ఆసుపత్రిలో మేము వరసలో కూర్చొని ఉండగా ఆడ టీవీలో ఈ జబ్బు గురించి ఒక డాక్యుమెంటరీ వేసినారు. అది మన బడిలో పిల్లలందరికీ చూపించవలెనని కోరుచున్నాను. చూపించే వీలు లేకపోతే నా కూతురికి టీసీ ఇప్పించవలెనని కోరుచున్నాను. ఇట్లు తమ విధేయుడు."

టీసీ అంటే బదిలీ పత్రం. అది చేతికిస్తే పిల్లకు ఆ బడితో సంబంధం తెగిపోయినట్టే. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలన్నది ఆఫీసుల్లో మొదటి పాఠం. ఇతనేమో ఒకే కాగితంలో సినిమా అయినా చూపించు, లేదంటే పిల్లనైనా పంపించెయ్ అంటున్నాడు.

"ఏం బాషా, ఇదేం బేరం?" అన్నాను.

"బేరం కాదు మేడమ్. మా అమ్మ దాన్ని బడి మానిపించమంటా ఉండాది. ఊరంతా పేరు పడిపోయె, ఇంగెందుకు సదువు అని. నేనే గడువు అడిగినాను. ఈ సినిమా సూస్తే పిల్లోళ్ళు మారతారుమా, కొన్నాళ్ళు ఓర్చుకో అన్నాను. మారకపోతే ఇంగ నేను మా అమ్మకు ఏం చెప్పేది?"

గ్రౌండులో ఆ రోజు జరిగింది అప్పుడే నాకు పూర్తిగా తెలిసింది. నేను జిల్లా కార్యాలయంలో మీటింగుకు వెళ్ళిన రోజు అది. మరునాడు నాకు చెప్పింది మాత్రం ఒక అమ్మాయి ఎండకు కళ్ళు తిరిగి పడింది, తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు అని. అసలు జరిగింది వేరు. పిల్ల కిందపడి కొట్టుకుంటుంటే నలుగురు కాళ్ళు చేతులు అదిమి పట్టుకున్నారు. ఒకరు ఉల్లిపాయ చితకగొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఒక పిల్లవాడు బస్టాండుకు పరుగెత్తి సాక్షాత్తు బాషా బంకులోంచే తాళంచెవుల గుత్తి లాక్కొచ్చి ఆమె గుప్పిట్లో కుక్కాడు. నాలుక కరుచుకుంటుందని వంటగదిలోంచి ఎవరో గరిటె తెచ్చి పళ్ళ మధ్య దూర్చారు. ముందు పన్ను సగానికి విరిగింది. అందరూ మంచి చేయాలనే చేశారు. అదే అన్నిటికన్నా బాధ.

"బస్టాండులో ఎవరికి ఫిట్సు వచ్చినా ముందు నా బంకుకే పరిగెత్తుకుంటా వస్తారు మేడమ్. ఎంతమంది చేతుల్లో పెట్టినారో నా తాళంచెవులు. నేనూ మంచిదే కదా అని ఇస్తా ఉన్నాను. ఆ సినిమాలో డాక్టరు, ఇనుము పెడితే ఏమీ కాదు, దానంతట అదే నిలుస్తాది అని చెప్తా ఉంటే నాకు తల తిరిగిపోయినాది." అని గుమ్మం దగ్గర ఎవరూ లేరని చూసుకున్నాడు. "పిల్లోళ్ళు దాన్ని కాకి అని పిలుస్తా ఉండారు మేడమ్. అది పోతా ఉంటే కా, కా అని అరుస్తారంట."

సినిమా పేరేమిటని అడిగాను. పేరు చూడలేదన్నాడు. వాళ్ళు కూర్చునేసరికే మొదలైపోయింది, ముగిసేలోగా వాళ్ళ నంబరు పిలిచారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రేష్మ, "అబ్బా, మా క్లాసోళ్ళు కూడా దీన్ని సూసింటే బాగుండు కదా" అన్నదట. ఆ ఒక్క మాట పట్టుకుని అతను అర్జీ రాసుకొచ్చాడు. తల్లి లేని పిల్ల. తండ్రి మాత్రం రెండింతలు ఉన్నాడు.

నేను ఆ కాగితాన్ని మళ్ళీ మడతపెట్టి అతనికే ఇచ్చేశాను.

దీని వెనక ఒక ఆఫీసు సంగతి ఉంది. అర్జీ రాగానే హెచ్చెమ్ తేదీ వేసి పొట్టి సంతకం పెట్టి గుమస్తాకు ఇస్తే, ఆయన ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేస్తాడు. నంబరు పడిన కాగితం ఇక ఇంటి మనిషిది కాదు, బడిది. తల్లిదండ్రుల కమిటీ వాళ్ళు చదువుతారు, తనిఖీకి వచ్చినవాళ్ళు తిరగేస్తారు, రేపు మరో హెచ్చెమ్ వస్తే ఆమె చూస్తుంది. పిల్ల పేరూ, జబ్బు పేరూ ఒకే వాక్యంలో అలా ఫైలులో ఏళ్ళ తరబడి పడుండటం నాకు ఇష్టం లేదు. ఇదంతా విడమరచి చెప్పాలని నాకు తట్టలేదు. "ఇది తీసుకోను" అని మాత్రం అన్నాను.

అతని ముఖం పాలిపోయింది. కాగితం జేబులో పెట్టుకుని, "సరే మేడమ్. టీసీకి ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీకు టీసీ ఎవరిస్తామన్నారయ్యా? కూర్చో ముందు!" అన్నాను. ఈసారి కూర్చున్నాడు.

తెల్ల కాగితం ఇచ్చి మళ్ళీ రాయమన్నాను. విషయం అన్న చోట 'ప్రథమ చికిత్సపై విద్యా డాక్యుమెంటరీ ప్రదర్శించుట గురించి' అని ఒక్క ముక్క నేను చెప్పాను. మిగతాది అతనే రాశాడు. ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు, వచ్చినప్పుడు పిల్లలకు ఏం చేయాలో తెలియాలి, తెలియక చేస్తే దెబ్బలు తగులుతాయి అని. పిల్ల పేరు లేదు, టీసీ మాట లేదు. ఆ కాగితానికి నంబరు పడింది. అంచున నేను 'ముందుగా చూసి, కమిటీ ముందు పెట్టాలి' అని రాసి సంతకం చేశాను.

బడిలో సినిమా చూపించడమంటే బటన్ నొక్కడమే అనుకుంటారు చాలామంది. బాషా కూడా, "మా తమ్ముడు ఫోన్లోకి దించిస్తాడు మేడమ్, రేపే ఏసేయండి" అన్నాడు. ఫోనులో ఫిట్సు గురించి వెతికితే వైద్యులు చెప్పినది ఒకటుంటే ఉల్లిపాయ వైద్యాలు పది ఉంటాయి. పైగా ఒకరు తీయించిన చిత్రాన్ని వాళ్ళను అడక్కుండా నాలుగు వందల మందికి చూపించడం పద్ధతి కాదు. కాబట్టి ఆ ఆసుపత్రి నరాల విభాగానికి బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాశాను. చూసేది ఎవరు, ఏ వయసువాళ్ళు, టికెట్టు లేదు, బడి బయట ఎవరికీ పంచము అని వివరంగా. రేష్మను చూపించడానికి వెళ్ళేటప్పుడు బాషాయే దాన్ని తీసుకెళ్ళాడు. పెన్‌డ్రైవులో చిత్రం, దాంతోపాటు ఒక కాగితం ఇచ్చారు. విద్యా ప్రయోజనం కోసం ఉచితంగా, ఎలాంటి మార్పులూ చేయకుండా ప్రదర్శించుకోవచ్చని అందులో ఉంది.

తర్వాత ముందుచూపు. పిల్లలకు చూపించే ఏ చిత్రమైనా ముందు ఉపాధ్యాయులు మొదటి నుంచి చివరి దాకా చూడాలి. సాయంత్రం బడి వదిలాక నేను, జీవశాస్త్రం చెప్పే సుజాత, తెలుగు చెప్పే మునిరత్నం సారు కూర్చున్నాం. చిత్రం నిడివి ఒక పీరియడులో సగం. తెలుగు శుభ్రంగా ఉంది. ఒక నటి ఫిట్సు వచ్చినట్టు చేసి చూపిస్తుంది. ఆరో తరగతి పిల్లలు భయపడకుండా ముందే చెప్పాలని సుజాత రాసుకుంది. చిక్కు మొదట్లోనే వచ్చింది. మెదడులో కరెంటు ఎలా అదుపు తప్పుతుందో చూపించడానికి పేర్లు పడేటప్పుడు తెరంతా తెల్లగా, నల్లగా టపటపా మెరిసింది. అలాంటి మెరుపులు చూస్తే ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఫిట్సు రావచ్చు. ఫిట్సు గురించిన చిత్రంలో అది పెట్టిన మహానుభావుడెవరో!

రేష్మకు పరీక్షలో మెరిసే దీపం పెట్టి చూశారనీ, ఆమెకు ఆ ఇబ్బంది లేదని డాక్టర్లు చెప్పారనీ బాషా అన్నాడు. మంచిదే. మిగతా పిల్లల్లో ఎవరికుందో నాకేం తెలుసు? అలాగని కత్తిరించకూడదు, మార్పులు చేయవద్దని కాగితంలో ఉంది కదా. ఆసుపత్రికి ఫోను చేసి అడిగాను. చిత్రాన్ని కోయవద్దు గానీ, పేర్లు దాటాక మొదలుపెట్టుకోండి, మధ్యలో ఆపుకుంటూ చూపించుకోండి, అభ్యంతరం లేదన్నారు. గదిలో లైట్లు ఆర్పకూడదని, మొదటి బెంచీలు తెరకు దూరంగా జరపాలని మేం అనుకున్నాం.

చూడటం అయ్యాక మునిరత్నం సారు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఆయనది నగరి పక్క ఊరు, ఇంట్లో సగం తమిళం. "అంతా బాగుండాది మేడమ్. కానీ మన పిల్లోళ్ళ బయం ఇందులో లేదు" అన్నాడు. ఏమిటన్నాను. "కాకి. డాక్టర్లకు తెలీదు కదా ఆ సంగతి. దాన్ని నాకు వదిలేయండి" అన్నాడు. నాకు బస్సుకు టైమవుతోంది. సరే అని లేచాను.

ఆ తర్వాత తల్లిదండ్రుల కమిటీ. చైర్మన్ గోవిందు నాయుడికి మామిడి తోటలున్నాయి. కొడుకు పదో తరగతి. గొంతు పెద్దది, మనసు మంచిది. అర్జీ చదివి వినిపించగానే అడ్డం తిరిగాడు. నేను రుసరుసలాడబోయాను.

"ఫిట్సు ఎవరి బిడ్డికి ఉండాదో ఊరంతా తెలుసు మేడమ్. కాగితంలో పేరు తీసేస్తే మటుకు దాగుతాదా? ఆ బిడ్డిని నడిమధ్యలో కూసోబెట్టి ఈ ఒక్క సినిమా ఏస్తే అది సినిమా కాదు, పంచాయితీ" అన్నాడు.

నిజమే. అర్జీలో పేరు దాచి ఘనకార్యం చేశాననుకున్నాను. తెర ముందు దాచే దారి ఆలోచించలేదు. చివరికి ఆయనే దారి కూడా చెప్పాడు. "తోటల్లో పాములకు కొదవా? పాము కరిస్తే ఏం చేయాలనో కూడా చూపించండి. ఈటి మధ్యలో అదొకటి పెట్టండి." సుజాత కాలిన గాయాల చిత్రం కూడా కలిపింది. ఒక్క ఎనిమిదో తరగతికే కాకుండా ఆరు నుంచి పది దాకా అందరికీ, పుస్తకాల సంచీ లేని శనివారాల్లో, ప్రథమ చికిత్స పాఠంగా చూపాలని తీర్మానం రాశాం. సభ్యులు సంతకాలు చేశారు. మండల విద్యాధికారికి సమాచారం కోసం ఒక ప్రతి వెళ్ళింది. ఫలానా శనివారం ఫలానా చిత్రాలు చూపుతున్నామని పిల్లల డైరీల్లో రాయించి తల్లిదండ్రుల సంతకం తెప్పించాం.

ఇక మిగిలింది రేష్మ. ఇంటర్వెల్లులో సుజాత తోడుగా పిలిపించాను. పొడుగ్గా, బక్కగా ఉంది. మాట్లాడేటప్పుడు ఎడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది, విరిగిన పన్ను కనబడకుండా. ఆ రోజు రావడం, రాకపోవడం నీ ఇష్టమనీ, నీ పేరు ఎవరూ ఎత్తరనీ చెప్పాను.

"రాకపోతే నా గురించేనని అనుకుంటారు మేడమ్. వస్తాను" అంది చేతి వెనక నుంచి. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ తిరిగింది. "నాకు ఫిట్సు వచ్చినప్పుడు నేను ఎట్లుంటానో నాకు తెలీదు మేడమ్. ఆ ఆసుపత్రి టీవీలోనే మొదట సూసినాను. మా క్లాసోళ్ళు నన్ను సూసి ఎందుకు బయపడినారో అప్పుడు తెలిసినాది."

ఆ పిల్ల వెళ్ళాక సుజాత ముక్కు తుడుచుకుంది. నేను హాజరు పట్టీ తిరగేశాను, అందులో నాకేమీ కనిపించకపోయినా.

ఎనిమిదో తరగతి వంతు వచ్చిన శనివారం రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టాం. రేష్మ మూడో బెంచీలో గోడవైపు కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. అంతకు ముందు ఆ చోటు భార్గవిది. గ్రౌండులో పడిన రోజు తర్వాత భార్గవి సంచీ తీసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయింది. గుమ్మం బయట వరండాలో బాషా నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, వద్దు మేడమ్, ఈడనే ఉంటాను అన్నాడు.

బొమ్మ వేయకముందు పిల్లలకు చిన్న చీటీలిచ్చి, పాము కరిస్తే, ఒళ్ళు కాలితే, ఫిట్సు వస్తే మీరు ఏం చేస్తారో పేరు రాయకుండా రాయమన్నాం. చిత్రం చూపించడానికి ముందు వాళ్ళకు తెలిసిందేమిటో మనకు తెలియాలి, లేకపోతే చూశాక ఏం మారిందో తెలియదు. ఫిట్సు దగ్గర చాలామంది తాళంచెవి అనే రాశారు. కొందరు ఉల్లిపాయ, కొందరు నీళ్ళు. ఒకడు మటుకు 'పరిగెత్తుతాను' అని రాశాడు. నిజాయితీపరుడు.

పాము చిత్రం అయింది, రెండోది అయింది. మూడోది మొదలుపెట్టేటప్పుడు సుజాత పేర్లు దాటించింది. నటి కిందపడబోయే ముందు ఆపి, ఇది నటన, కాసేపట్లో లేచి కూర్చుంటుంది, భయపడొద్దు అని చెప్పింది. తర్వాత చిత్రం ఒక్కొక్కటే చెప్పింది. చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి. తల కింద మెత్తటిది పెట్టాలి. అదిమి పట్టకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయాలి. తెలివి వచ్చేదాకా పక్కనే ఉండాలి. తాకితే అంటుకోదు. అక్కడ మళ్ళీ ఆపి, మా వ్యాయామ ఉపాధ్యాయుడు రెడ్డెప్ప సారును చాప మీద పడుకోబెట్టాం. భారీ మనిషి. ఆయన్ను పక్కకు తిప్పడానికి నలుగురు పిల్లలు ఆపసోపాలు పడితే గదంతా నవ్వింది. "ఒరేయ్, నేను బియ్యం మూట కాదురా, మెల్లగా!" అన్నాడాయన కళ్ళు మూసుకునే. ఆ నవ్వుతో సగం భయం పోయింది.

చివర్లో ప్రశ్నల డబ్బా. పిల్లలు చీటీలు వేస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన డాక్టరమ్మ తీసి చదివి జవాబు చెప్పాలి. చిన్న వయసు, గుంటూరు వైపు అమ్మాయి. ఓపిగ్గా చెప్పింది. నాలుగో చీటీ తీసి చదివి ఆగిపోయింది. 'కాకి తల మీద తంతేనే కదా ఇది వచ్చేది? ఫిట్సు వచ్చినోళ్ళను తాకితే మనల్ని కూడా కాకి తంతాదా?'

డాక్టరమ్మకు అర్థం కాలేదు. వెనక బెంచీల్లో కిసకిసలు. ఎవరో చిన్నగా "కా" అన్నారు. రేష్మ తల వంచుకుంది. నేను లేవబోతుంటే మునిరత్నం సారు చెయ్యి అడ్డం పెట్టి ముందుకు వచ్చాడు.

"ఒరేయ్, మన పక్క దీన్నేమంటారు?"

"కాక్కా వలిప్పు!" అన్నారు అందరూ. సరిహద్దు ఊళ్ళలో అందరి నోటా ఉన్న తమిళ మాట అది.

ఆయన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాశాడు. 'కాల్. కై. వలిప్పు.' "కాల్ అంటే కాలు. కై అంటే చెయ్యి. వలిప్పు అంటే ఈడ్చుకుపోయేది. కాలూ చెయ్యీ ఈడ్చుకుపోయే జబ్బు అని. బిరబిరా పలికి పలికి కాల్‌కై కాస్తా కాక్కా అయినాది. కాక్కా అంటే తమిళంలో కాకి కదా, మనోళ్ళు నిజంగా కాకి అనుకున్నారు. ఇందులో కాకి యాడుండాదిరా? ఈకైనా సూపించండి నాకు!"

ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పి, ఆ మాట ఎన్నోసార్లు విని, నేనూ కాకే అనుకున్నాను.

అప్పుడు రేష్మ లేచి నిలబడింది. మా ఏర్పాట్లలో ఇది లేదు. పేరు ఎత్తకూడదని అర్జీ మార్పించి, సినిమాలు మూడు చేసి, ఇంత తతంగం నడిపింది ఆమెను ఎవరూ వేలెత్తి చూపకూడదనే. బయట బాషా కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"మీరందరూ కాకి అనేది నన్నే కదా" అంది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది, మళ్ళీ దిగిపోయింది. "నాకే ఫిట్సు వచ్చేది. నా చేతిలో తాళంచెవులు పెట్టొద్దండి. అయ్యి మా ఇంట్లో శానా ఉండాయి. నోట్లో ఏమీ పెట్టొద్దండి, ఇంకో పన్ను లేదు నా దగ్గర. పక్కకు తిప్పండి, చాలు. నేను లేచినప్పుడు ఎవరన్నా ఒకరు ఆడ ఉండండి. అంతే."

కూర్చుంది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయి మానుకుంది. భార్గవి ఏడుస్తోంది. సంచీ లేని శనివారం కదా, తీసుకురావడానికి ఆమె దగ్గర సంచీ కూడా లేదు. ఊరికే లేచి వచ్చి మూడో బెంచీలో పాత చోట్లో కూర్చుంది. రేష్మ కొంచెం జరిగింది.

ఒక్క రోజులో బడి మారిపోయిందని నేను రాయను. రాస్తే అది కల్ల. సోమవారం కూడా ఒకడు కా అన్నాడు, రెడ్డెప్ప సారు వాడి చేత గ్రౌండు చుట్టూ పరుగు పెట్టించాడు. కొందరి ఇళ్ళలో ఆమె పక్కన కూర్చోవద్దని అప్పటికీ చెబుతూనే ఉన్నారు. బాషా తల్లి అర్ధసంవత్సరం పరీక్షల దాకా చూస్తానని గడువు పెట్టింది.

ఆ పరీక్షలకు ముందే, డిసెంబరులో, జ్వరం వచ్చి తగ్గిన రెండో రోజు, మధ్యాహ్న భోజనం వరసలో రేష్మ మళ్ళీ పడిపోయింది. నేను గదిలోంచి వచ్చేసరికి పళ్ళాలన్నీ దూరంగా తీసేసి ఉన్నాయి. తల కింద ఎవరిదో స్వెట్టరు ఉంది. భార్గవి మోకాళ్ళ మీద కూర్చుని ఆమెను పక్కకు తిప్పి, భుజం మీద ఊరికే చెయ్యి వేసి ఉంది. ఒకమ్మాయి వరండాలో గడియారం చూస్తూ నిమిషాలు గట్టిగా చెబుతోంది. మిగతా పిల్లలు వీపులు ఇటు తిప్పి గుండ్రంగా నిలబడి ఉన్నారు, చిన్నవాళ్ళు వచ్చి వింత చూడకుండా. అది సినిమాలో లేదు. వాళ్ళకు వాళ్ళే కనిపెట్టారు. నేను చేయడానికి ఏమీ మిగల్లేదు. ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను, చేసే అవసరం రాలేదు.

రెండో నిమిషం దాటాక ఒళ్ళు సద్దుమణిగింది. అప్పుడే కబురు అంది బాషా బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో పెద్ద తాళంచెవుల గుత్తి అలాగే ఉంది, గలగలలాడుతోంది. గేటు దగ్గర ఇద్దరు మగపిల్లలు చేతులు చాపి అడ్డం నిలబడ్డారు.

"మామా, మామా! తాళాలు వద్దు! బయటనే పెట్టి రా!"

బాషా చేతికేసి చూసుకున్నాడు. అది తన చేతిలో ఉన్నట్టే అతనికి తెలియదు. గుత్తి గేటు బయట నేల మీద పెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పలేను, రెండూ అనుకుంటాను. లోపలికి వచ్చేసరికి రేష్మ కళ్ళు తెరిచింది. మొదట కనబడింది భార్గవి. "ఈడనే ఉండాను" అంది భార్గవి.

తర్వాతి వారం బాషా తల్లి బడికి వచ్చింది. చాలా పెద్దామె. నాతో మాట్లాడలేదు. పిల్లలు భోంచేసే చోట కాసేపు నిలబడి, మనవరాలు ఎవరి పక్కన కూర్చుని తింటోందో చూసి వెళ్ళిపోయింది. గడువు మాట మళ్ళీ రాలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. ఏం చేయాలో చిత్రం చెబుతుంది గానీ, ఊరు ఆ జబ్బును ఏ పేరుతో పిలుస్తుందో చిత్రానికి తెలియదు. అది తెలిసిన మనిషి ఒకరు తెర పక్కన నిలబడాలి. ముందుచూపు చూసేటప్పుడు అలాంటి మనిషిని తప్పక కూర్చోబెట్టుకోవాలని నా తర్వాత వచ్చిన హెచ్చెమ్‌కు బాధ్యతలు అప్పగించేటప్పుడు చెప్పాను.

నేను రిటైరయ్యే ముందు నెలలో బాషా మళ్ళీ అర్జీ తెచ్చాడు. ఈసారి ఒకే విషయం, శుభ్రమైన తెల్ల కాగితం. రేష్మ పదో తరగతి పాసైంది, పుత్తూరులో ఇంటర్‌లో చేర్చాలి, టీసీ కావాలి. వెంటనే నంబరు వేయించి సంతకం చేసి ఇచ్చాను.